అయిదెకరాల మామిడి తోట వీడియో: డ్రోన్ షాట్ల ప్లానింగ్, అనుమతుల నుంచి స్క్రిప్టు దాకా

స్థలాల వీడియోలకు డ్రోన్ షాట్లు ప్లాన్ చేసేటప్పుడు చాలామంది ముందు స్క్రిప్టు రాసుకుంటారు, తర్వాత లొకేషన్‌కు వెళ్తారు, అనుమతుల సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఈ వరస తిరగబడాలి. ఆ చోట ఎంత ఎత్తుకు ఎగరొచ్చో తేలితే గానీ ఫ్రేమ్‌లో ఎంత భూమి పడుతుందో తెలియదు. అది తెలియకుండా రాసిన స్క్రిప్టులో సగం షాట్లు పొలం గట్టు మీదే కొట్టేయాల్సి వస్తుంది.

ఉదాహరణకు నూజివీడు వైపు అమ్మకానికి పెట్టిన ఒక మామిడి తోట తీసుకుందాం. ఉత్తర దక్షిణాలు 200 మీటర్లు, తూర్పు పడమరలు 100 మీటర్లు, అంటే అయిదెకరాలకు ఓ ఆరు సెంట్లు తక్కువ. దక్షిణాన రోడ్డు, రోడ్డు మీదికి గేటు. గేటుకు 40 మీటర్లు లోపల, పడమటి హద్దుకు దగ్గరగా తూర్పు ముఖం ఇల్లు. ఇంటికి ఉత్తరం వైపు 130 మీటర్ల పొడవున మామిడి చెట్లు, 8 మీటర్ల ఎత్తువి. పడమటి గట్టు మీద 15 మీటర్ల కొబ్బరి చెట్లు. తూర్పు హద్దు వెంట 11 కేవీ లైను, ఈశాన్యాన బోరు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్. మన పల్లెల్లో తోటలు చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ లెక్క మిగతా చోట్లకూ పనికొస్తుంది.

మొదటి పని: ఎత్తు పరిమితి తేల్చుకోవడం

2021 డ్రోన్ నియమాలు ఆకాశాన్ని మూడు రంగులుగా విడగొట్టాయి. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 5 కిలోమీటర్ల లోపల రెడ్ జోన్. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే అక్కడ ఎగరకూడదు. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మట్టం నుంచే యెల్లో జోన్, విమానాల రాకపోకలు చూసే ఏటీసీ అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల దాకా గ్రీన్, ఆపైన యెల్లో. అంతకు అవతల, వేరే ఆంక్షలేవీ లేకపోతే 120 మీటర్ల దాకా గ్రీన్. గ్రీన్ జోన్‌లో ఎగరడానికి విడిగా అనుమతి అడగక్కర్లేదు.

దూరం కొలవాల్సింది విమానాశ్రయం సరిహద్దు గోడ నుంచి. టెర్మినల్ నుంచి కొలిస్తే రన్‌వే చివర ఉన్న ఊళ్లు తప్పుగా గ్రీన్‌లో పడతాయి. అందుకే సొంత కొలతలు మాని digitalsky.dgca.gov.in లోని మ్యాప్‌లో తోట నాలుగు మూలలూ చూడండి. ఒక మూల ఒక రంగులో, మిగతావి ఇంకో రంగులో పడే స్థలాలూ ఉంటాయి. అప్పుడు కఠినమైన రంగునే లెక్కలోకి తీసుకోండి.

నూజివీడు గన్నవరం విమానాశ్రయానికి 25 కిలోమీటర్లకు పైనే ఉంది కాబట్టి మన తోటకు 120 మీటర్ల దాకా అవకాశం ఉంది. ఇదే తోట గన్నవరం ఊరి పక్కన ఉంటే కథ వేరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకా జాగ్రత్త కావాలి. శంషాబాద్ ఒక్కటే చూసి సరిపెట్టుకుంటారు గానీ బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి, వాటి వలయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. విశాఖలో విమానాశ్రయం నౌకాదళానిది. అడవి అంచు తోటలైతే, ముఖ్యంగా నల్లమల, పాపికొండల వైపు, మ్యాప్ ఆకుపచ్చగా కనిపించినా అటవీ శాఖను అడగకుండా ఎగరేయకండి.

మ్యాప్‌ను రెండుసార్లు చూడాలి. ప్లానింగ్ నాడు ఒకసారి, ఎగరేసే రోజు పొద్దున మరోసారి. వీఐపీ పర్యటనలు, సభలు, పండగ బందోబస్తుల కోసం పోలీసులు తాత్కాలికంగా రెడ్ జోన్ ప్రకటిస్తారు. నగరాల్లో కమిషనర్ల నిషేధపు ఉత్తర్వులూ వస్తుంటాయి. అందుకే ముందు రోజు స్థానిక స్టేషన్‌కు తేదీ, సమయం, సర్వే నంబరు, పైలట్ ఫోన్ నంబరుతో ఒక లేఖ ఇచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. గ్రీన్ జోన్‌లో ఇది నియమం కాదు. కానీ ఊళ్లో ఎవరో ఫోన్ చేసి పోలీసులు వచ్చినప్పుడు అరగంట వాదనను ఆ కాగితం రెండు నిమిషాల్లో ముగిస్తుంది.

ఇక డ్రోన్ కాగితాలు. 250 గ్రాముల లోపువి నానో, ఆపైన 2 కిలోల దాకా మైక్రో. డబ్బు తీసుకుని తీసే స్థలం వీడియో వాణిజ్య పనే. మైక్రో డ్రోన్‌తో ఆ పని చేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, నానోకు అక్కర్లేదు. మైక్రోకు థర్డ్ పార్టీ బీమా కూడా కావాలి. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు, అంటే యూఐఎన్, ఉందో లేదో అద్దెకు తెచ్చుకునేటప్పుడే అడగండి. నియమాలు తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. షూటింగ్ రోజు డ్రోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరు మీదే సర్టిఫికెట్ ఉండాలి. "మా అన్నకుంది" అంటే చెల్లదు.

రెండో పని: ఏ ఎత్తులో ఎంత భూమి పడుతుంది

చాలా డ్రోన్ల ప్రధాన లెన్స్ 24 ఎంఎం కు సమానం. ఆ లెన్స్‌తో కెమెరాను నిటారుగా కిందికి చూపిస్తే ఫ్రేమ్ వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. 120 మీటర్ల దగ్గర 180 మీటర్లు. మన తోట పొడవు 200. అంటే చట్టం ఒప్పుకునే గరిష్ఠ ఎత్తుకు వెళ్లినా ఈ తోట నిలువు షాట్‌లో పూర్తిగా పట్టదు. "పైనుంచి మొత్తం స్థలం కనపడాలి" అని పార్టీ అడిగితే ఒప్పుకునే ముందు ఈ ఒక్క గుణకారం చేసుకోండి. కొన్ని మోడళ్లు వీడియో మోడ్‌లో అంచులు కత్తిరిస్తాయి. తెలిసిన పొడవున్న గోడను ముందే ఒకసారి తీసి మీ డ్రోన్‌కు ఆ ఒకటిన్నర నిజమో కాదో చూసుకోవాలి.

దీనికి విరుగుడు 45 డిగ్రీల వాలు. కెమెరాను పట్టుకుని వంచే గింబల్‌ను మైనస్ 45 లో పెడితే, 16:9 ఫ్రేమ్ కింది అంచు డ్రోన్‌కు ముందు ఎత్తులో 0.4 వంతు దూరాన నేలను తాకుతుంది. పై అంచు ఎత్తుకు 2.45 రెట్ల దూరాన తాకుతుంది. 110 మీటర్ల ఎత్తులో ఇవి సుమారు 45, 270 మీటర్లు. డ్రోన్‌ను గేటుకు 55 మీటర్లు వెనక, దక్షిణాన నిలిపితే గేటుకు 10 మీటర్ల ఇవతల నుంచి ఉత్తర హద్దు దాటి మరో 15 మీటర్ల దాకా ఫ్రేమ్‌లో పడుతుంది. దగ్గరి అంచున వెడల్పు 160 మీటర్ల పైనే, మనకు కావాల్సింది 100. స్థలం మొత్తం, నాలుగు మూలలతో, ఒకే ఫ్రేమ్‌లో వస్తుంది.

ఇదే తోట 60 మీటర్ల పరిమితిలో ఉంటే? 45 డిగ్రీల వాలుతో 24 నుంచి 147 మీటర్ల వరకే పడుతుంది, అంటే 123 మీటర్ల భూమి. వాలు 30 కి తగ్గిస్తే తోటంతా ఫ్రేమ్‌లోకి వస్తుంది గానీ ఉత్తర హద్దును మరీ ఏటవాలుగా చూస్తాం, మామిడి చెట్లే దాన్ని కప్పేస్తాయి. అక్కడ ఒకే షాట్ మీద ఆశ వదులుకుని దక్షిణం నుంచి ఒకటి, ఉత్తరం నుంచి ఒకటి రాసుకోవాలి. స్క్రిప్టు కంటే ముందు జోన్ చూడాలన్నది ఇందుకే.

తెర మీద కనిపించే ఎత్తు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. నియమం చెప్పే ఎత్తు కింద ఉన్న నేల నుంచి. రోడ్డు కంటే తోట 6 మీటర్లు పల్లంలో ఉంటే, రోడ్డు మీద నుంచి లేపిన డ్రోన్ 116 చూపించినప్పుడు తోట మీద అది 122 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందుకే పరిమితికి 10 మీటర్లు తక్కువే రాసుకోండి.

మూడో పని: స్కెచ్, హద్దులు, అడ్డంకులు

సర్వే నంబరు హద్దుల కొలతలుండే ఎఫ్ఎంబీ స్కెచ్ నకలు తీసుకోండి, తెలంగాణలో అయితే టిప్పన్. దాని మీద గేటు, ఇల్లు, లైను, కొబ్బరి వరస గుర్తించి, మలుపు బిందువులకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టండి. ఫ్లైట్ పాత్ అంతా ఇక ఈ అక్షరాల్లోనే నడుస్తుంది.

హద్దు రాళ్లు 110 మీటర్ల నుంచి కనపడవు. రాయి పక్కన ముగ్గు పిండితో గానీ సున్నంతో గానీ అడ్డగీతల గుర్తు వేయాలి. సైజు కూడా లెక్క ప్రకారమే. 4కే ఫ్రేమ్‌లో మన షాట్‌కు దగ్గరి మూలల్లో మీటరుకు 20 పిక్సెళ్లకు పైనే వస్తాయి, దూరపు మూలల్లో 10 కి కాస్త తక్కువ. అదే వీడియోను ఫోన్‌లో హెచ్‌డీలో చూస్తే అందులో సగం. కాబట్టి రోడ్డు వైపు మూలల్లో మీటరు గుర్తు చాలు, ఉత్తరం మూలల్లో రెండు మీటర్లది వేయండి. పచ్చగడ్డి మీద తెలుపు బాగా కనిపిస్తుంది. ఎండు దుబ్బుల మీద, చవుడు నేల మీద కలిసిపోతుంది, అక్కడ ఎర్ర గుడ్డ పరవడం మేలు. సర్వేయర్ చూపని హద్దును ఎడిటింగ్‌లో గీత గీసి చూపించకండి. రేపు కొన్నవాళ్లు ఆ వీడియోనే తెచ్చి చూపిస్తారు.

11 కేవీ తీగలను డ్రోన్ సెన్సర్లు నమ్మకంగా పసిగట్టలేవు, అవి అంత సన్నం. తీగలకు అడ్డంగా 30 మీటర్ల లోపుకు ఏ దారీ పోకూడదని స్కెచ్ మీద ఎర్ర గీత గీయండి. పడమట కొబ్బరి ఆకులు గాలికి రెండు మూడు మీటర్లు ఊగుతాయి, కాబట్టి చెట్టు మొదలు చూసి దూరం లెక్కించకూడదు.

గేటుకు వెనక 55 మీటర్లంటే రోడ్డు దాటి ఎదురు పొలం. ఆ రైతును ముందే అడగండి, వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి. రోడ్డు మీద మనుషులు, బండ్లు ఉన్నప్పుడు వాళ్ల నెత్తి మీద డ్రోన్‌ను నిలబెట్టొద్దు. దాటేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉందో లేదో చెప్పడానికి గేటు దగ్గర ఒక మనిషి కావాలి.

నాలుగో పని: దారిని స్క్రిప్టులో రాయడం

"ఇంటి మీద డ్రోన్ షాట్" అని రాస్తే పైలట్‌కు ఏమీ చెప్పినట్టు కాదు. ప్రతి షాట్‌కూ మొదలు, చివర, ఎత్తు, ముక్కు ఎటు, గింబల్ కోణం, వేగం, ఎడిటింగ్‌లో వాడే సెకన్లు, వెనక వినిపించే మాట ఉండాలి. మన తోటకు ఇలా:

```
అ: గేటు బయట 10 మీ.   ఆ: గేటు లోపల 40 మీ. (ఇంటి ఎదుట)
ఇ: ఇంటికి దక్షిణాన 30 మీ.   ఈ: ఇంటికి ఈశాన్యాన 30 మీ.
ఉ: మామిడి మొదలు   ఊ: ఉత్తర హద్దుకు 10 మీ. లోపల
ఎ: గేటుకు దక్షిణాన 55 మీ.

1  అ→ఆ | ఎత్తు 5→8 | ముక్కు ఉత్తరం | గింబల్ -5
   2 మీ/సె | వాడేది 8 సె | మాట: రోడ్డు, గేటు
2  ఇ→ఈ, తూర్పు మీదుగా వంపు | ఎత్తు 20 | ముక్కు ఇంటి వైపు
   గింబల్ -28 | 3 మీ/సె | వాడేది 10 సె | మాట: తూర్పు ముఖం ఇల్లు
3  ఉ→ఊ | ఎత్తు 16 | ముక్కు ఉత్తరం | గింబల్ -20
   5 మీ/సె | వాడేది 8 సె | మాట: చెట్లు, బోరు
4  ఎ వద్ద నిశ్చలం | ఎత్తు 110 | ముక్కు ఉత్తరం | గింబల్ -45
   వాడేది 8 సె | మాట: విస్తీర్ణం, హద్దులు
5  ఎ వద్దే | గింబల్ -45→-10, సెకనుకు 5 డిగ్రీలు
   వాడేది 7 సె | మాట: చుట్టుపక్కల ఊళ్లు, దూరాలు
```

ఇందులో రెండో షాట్ గురించి కొంచెం చెప్పాలి. ఇంటి చుట్టూ పూర్తిగా తిరగడం అందరికీ ఇష్టం, యాప్‌లో బటన్ కూడా ఉంటుంది. కానీ ఇల్లు పడమటి హద్దుకు 35 మీటర్ల దూరంలోనే ఉంది. 30 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే పడమటి వైపు కొబ్బరి ఆకులకు 5 మీటర్లు కూడా మిగలవు, అవి ఊగితే అదీ ఉండదు. 20 మీటర్ల ఎత్తులో చెట్లకు పైనే ఉంటాం గానీ జీపీఎస్ తప్పుకూ గాలికీ ఆ అయిదు మీటర్లు చాలవు. అందుకని దక్షిణం నుంచి తూర్పు మీదుగా ఈశాన్యం దాకా వంపు రాసుకున్నాం. ఆ 135 డిగ్రీల వంపు 70 మీటర్లు, సెకనుకు 3 మీటర్ల చొప్పున 23 సెకన్లు. ఇంటి ముఖం తూర్పు కాబట్టి వంపంతా ముఖం వైపే తిరుగుతుంది, పొద్దుటి ఎండ కెమెరా వెనక నుంచి పడుతుంది. తూర్పున తీగలకు 35 మీటర్ల ఎడం ఉంటుంది, మన ఎర్ర గీతకు ఇవతలే. చుట్టూ తిరగలేదని పార్టీ అడిగితే స్కెచ్ చూపించండి.

వేగం మాటకొస్తే, నేలకు దగ్గరగా 2 మీటర్ల వేగమే తెర మీద చురుగ్గా కనిపిస్తుంది. 100 మీటర్ల ఎత్తులో అదే వేగం కదలనట్టే ఉంటుంది. నాలుగో షాట్‌ను పూర్తిగా నిశ్చలంగా ఉంచింది మాత్రం వేరే కారణానికి. హద్దు గీత, విస్తీర్ణం, రోడ్డు వెడల్పు ఎడిటింగ్‌లో దీని మీదే రాస్తారు. కెమెరా కదిలితే ఆ అక్షరాలను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ నేలకు అతికించాలి. నిలబెడితే ఆ పని తప్పుతుంది.

వాడే సెకన్లకు ముందు మూడు, వెనక మూడు సెకన్లు అదనంగా తీయండి. కదలిక మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ వచ్చే కుదుపు అందులోనే పోతుంది.

ఎగరేసే వరస

స్క్రిప్టు వరసలో తీయక్కర్లేదు. మొదటి, రెండో షాట్లు ఎండ ఇంకా వాలుగా, మెత్తగా ఉండే ఏడు, ఏడున్నర గంటల మధ్య తీయండి, వెంటనే మూడోది. ఆ వేళ చెట్ల నీడలు పడమటికి బారుగా పడి తోట వరసలను విడదీసి చూపిస్తాయి. అవే నీడలు హద్దుల షాట్‌కు శత్రువులు. ముగ్గు గుర్తులు నీడలో మునిగిపోతాయి. నాలుగు, అయిదు షాట్లను ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఉంచుకోండి. చలికాలంలో మంచు తేలిపోవడానికీ ఆ సమయం కావాలి. మరీ ఆలస్యం చేస్తే వేడిగాలి పైకి లేచి గద్దలు తిరగడం మొదలవుతుంది. గద్ద డ్రోన్ మీదికి వస్తే పక్కకు పారిపోవద్దు, నేరుగా పైకి లేపండి. అవి పైనుంచి దూకి పట్టుకుంటాయి, కింద నుంచి తరమడం వాటికి కష్టం. అయితే 110 మీటర్ల దగ్గర ఉన్నప్పుడు పైకి మిగిలింది 10 మీటర్లే. కనుక గద్ద కనిపించగానే ఆ షాట్ ఆపేసి దిగడమే పద్ధతి.

లేపే చోటు గేటు లోపల, చెట్టు నీడ లేని నేల. ఇంటి డాబా మీద నుంచి లేపకండి, స్లాబులోని ఇనుము కంపాస్‌ను తప్పుదారి పట్టిస్తుంది. కారు బానెట్, బోరు గొట్టం పక్క కూడా వద్దు. లేచాక నిలిపి చూస్తే డ్రోన్ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ చోటు మారిపోతుంటే కంపాస్ తేడా కొట్టిందని అర్థం. దించేసి చోటు మార్చండి.

సిగ్నల్ పోతే తిరిగొచ్చే ఎత్తు, అంటే ఆర్‌టీహెచ్, ఈ తోటకు 30 మీటర్లు పెట్టాలి. ఎత్తైన అడ్డంకి 15 మీటర్ల కొబ్బరి, దాని పైన మరో 15. ఇక్కడ ఒక చిక్కుంది. సిగ్నల్ పోయినప్పుడు డ్రోన్ ముందు నిటారుగా పైకి లేస్తుంది, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. నెత్తి మీద కొమ్మ ఉంటే అందులోకే లేస్తుంది. కాబట్టి మామిడి కొమ్మల కింద నుంచి పోయే షాట్ ఎంత ముచ్చటగా అనిపించినా స్క్రిప్టులో రాయకండి. తీయక తప్పదంటే ఆ ఒక్క షాట్‌కూ సిగ్నల్ పోతే ఉన్నచోటే నిలిచేలా సెట్టింగ్ మార్చి, తర్వాత మళ్లీ వెనక్కి తిప్పాలి.

షట్టర్ 25 ఫ్రేములకు సెకనులో 50వ వంతు దగ్గర ఉంచండి. ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి. లేకపోతే అయిదో షాట్‌లో గింబల్ పైకి లేచి ఆకాశం ఫ్రేమ్‌లోకి రాగానే నేల ఒక్కసారిగా నల్లబడుతుంది. ఆ షాట్‌కు లాక్ చేయాల్సిన వెలుతురు మైనస్ 10 దగ్గరిది, మైనస్ 45 దగ్గరిది కాదు. నేల కొంచెం ముదురుగా వచ్చినా తర్వాత లేపుకోవచ్చు, తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని తిరిగి తేలేం.

ఈ అయిదు షాట్లకూ రెండు బ్యాటరీలు చాలు, మూడోది చేతిలో ఉండాలి. మొదటిది మూడు కింది షాట్లకు, రెండోది పై షాట్లకు. కింద ఆకు కదలకపోయినా 110 మీటర్ల దగ్గర గాలి గట్టిగా ఉండొచ్చు. ఉత్తరం గాలైతే ఎ దగ్గర నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, బ్యాటరీ ఊహించినదాని కంటే త్వరగా తరుగుతుంది. 30 శాతానికి దిగడం మొదలుపెట్టండి.

కట్టేసే ముందు తోటలోనే ఫోన్ తెర మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో నాలుగో షాట్ తెరిచి చూడండి. నాలుగు గుర్తులూ కనపడాలి, గేటు కింది అంచుకు ఎడంగా ఉండాలి, ఎదురు రైతు ఇంటి పెరడు ఫ్రేమ్‌లోకి రాకూడదు. ఒక గుర్తు కనపడకపోతే దాని పక్కన ఎర్ర గుడ్డ పరిచి మూడో బ్యాటరీతో అదొక్కటీ మళ్లీ తీయండి. ఫైళ్లకు షాట్ నంబరు, బిందువుల అక్షరాలు పేరుగా పెట్టి ఎడిటర్‌కు స్కెచ్‌తో కలిపి పంపాలి. అప్పుడు ఏ మూల ఏ సర్వే రాయిదో అడగడానికి ఆయన మీకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు.